చిత్తూరు అక్కకు యానిమే: పెద్దవయసులో మొదలుపెట్టేవాళ్ళు మొదటి మూడూ ఎలా ఎంచుకోవాలి

మా అక్కకు నలభై ఆరేళ్ళు. కాపురం చిత్తూరులో, ఉద్యోగం తిరుపతిలో. పొద్దున బస్సెక్కితే పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతి చేరేసరికి దగ్గర దగ్గర రెండు గంటలు. సాయంత్రం మళ్ళీ అంతే. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు రోజూ ఫోన్లో యానిమే, అంటే జపాన్‌వాళ్ళ కదిలే బొమ్మల సిరీస్‌లూ సినిమాలూ, చూస్తాడు. వాడు ఏం చూసి నవ్వుతున్నాడో, ఒక్కోసారి ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నాడో తెలుసుకోవాలని ఆమెకు కోరిక. ఒకరోజు వాణ్ణే అడిగింది. వాడు వెంటనే 'వన్ పీస్' పెట్టాడు. పావుగంటకు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి నాకు ఫోన్ చేసింది.

"రేయ్, ఆ కండ్లేంది, ఆ అరుపులేంది? పైగా పదకొండు వందల ఎపిసోడ్లంట. నేను రిటైరయ్యేదాకా చూసినా అయిపోదే!"

ఆమె చెప్పినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. ఒకటి బొమ్మ, రెండోది నిడివి. రెండింటికీ కారణాలున్నాయి, దారులూ ఉన్నాయి. ఆమె కోసం నేను వెతికిన దారినే, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ అడుగు అడుగుగా రాస్తున్నాను. లక్ష్యం చిన్నది: మొదట చూడాల్సిన మూడింటిని సరిగ్గా ఎంచుకోవడం. ఒక సినిమా, ఒక చిన్న సిరీస్, ఒక పెద్ద సిరీస్. ఈ మూడూ కుదిరితే నాలుగోది మీరే వెతుక్కుంటారు.

మొదటి అడుగు: "అన్నిటికన్నా మంచిది ఏది?" అని అడగకండి

ఈ ప్రశ్నకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే జాబితా. అందులో ఎక్కువ భాగం జపాన్‌లో మగపిల్లల కోసం నడిచే వారపత్రికల్లో బొమ్మల కథలుగా మొదలైనవి. 'వన్ పీస్', 'నరుటో' రెండూ 'వీక్లీ షోనెన్ జంప్' అనే పత్రికలోవి. షోనెన్ అంటే అబ్బాయి. పదీ పదిహేనేళ్ళ పిల్లవాడు వారం వారం కొనాలంటే ఏం కావాలో అవే వాటిలో ఉంటాయి: పోటీ, స్నేహం, పెరిగే బలం, గట్టి అరుపులు. మంచి పనితనం ఉన్నవే. అయితే మా అక్క కోసం రాసినవి కావు.

అదే దేశంలో పెద్దవాళ్ళు చదివే పత్రికలు వేరుగా ఉన్నాయి. పెద్ద మగవాళ్ళకు వచ్చేవాటిని సెయినెన్ అనీ, పెద్ద ఆడవాళ్ళకు వచ్చేవాటిని జోసెయ్ అనీ అంటారు. ఇవి కథల రకాలు కావు, పత్రికల అరలు మాత్రమే. కాబట్టి వెతికేటప్పుడు "యాక్షన్", "కామెడీ" అని కాకుండా సెయినెన్, జోసెయ్ అన్న మాటలతో వెతికితే ఆఫీసు, అప్పు, పెళ్ళి, ముసలితనం, చేసిన తప్పు వెంటాడటం లాంటి విషయాలున్న కథలు బయటపడతాయి. సెయినెన్ అన్న పేరున్నంత మాత్రాన మంచిదని కాదు. ఒట్టి రక్తపాతం కూడా ఆ అరలో చాలానే ఉంది. అందుకే రెండో అడుగు.

రెండో అడుగు: మీ గురించి మూడు సంగతులు కాగితం మీద రాయండి

ఇటీవల మీకు నిజంగా నచ్చిన మూడు కథలు రాయండి. సినిమా కావచ్చు, సీరియల్ కావచ్చు, నవల కావచ్చు, పక్కన ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం. తర్వాత రోజులో ఎంతసేపు, ఎక్కడ చూడగలరో రాయండి. చివరగా, తెర మీద ఏది కనిపిస్తే కట్టేస్తారో రాయండి.

మా అక్క కాగితంలో నచ్చినవాటిలో చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో చూసిన భారతం ఉంది. చిత్తూరు జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. ద్రౌపది గుడి దగ్గర పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక్క హరిదాసే నిలబడి భీముడూ తానే, ద్రౌపదీ తానే అయిపోవడం ఇప్పటికీ ఆమె కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. రెండోది ఒక హత్య కేసు సినిమా. "ఎవరు చంపినారనేది కాదు, ఎందుకు చంపినాడో తెలిసినాక జాలేసింది" అని కారణం. మూడోది ఒక పెళ్ళికాని టీచరమ్మ కథ.

చూడగలిగే సమయం బస్సులో రోజుకు మూడు గంటలకు పైగానే. కానీ చిన్న తెర, కుదుపులు. ఇంట్లో రాత్రి ముప్పావు గంట, టీవీలో. చూడలేనివి: నెత్తురు, అరుపులు, ఆడపిల్లల్ని చెడుచూపుతో గీసిన బొమ్మలు.

ఆ చివరిది చాలామంది మొహమాటంతో రాయరు. తప్పక రాయండి. యానిమేలో అది నిజంగానే ఎదురవుతుంది, మంచి పేరున్న వాటిలో కూడా. మన ఓటీటీల్లో వేసే యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ గుర్తులు కొంత చెబుతాయి గానీ ఈ విషయం పూర్తిగా చెప్పవు. నేను వాడే పరీక్ష ఒకటుంది. ప్రతి ఎపిసోడ్ ముందూ తొంభై సెకన్ల పాట వస్తుంది. అది చూడండి. ఆ పాటలోనే చూపు మొహాల మీద కాకుండా ఒంటి మీద ఆగుతూ ఉంటే కథలోనూ అదే ఉంటుంది. ఈ పరీక్ష పెట్టాక నేను మోసపోయింది తక్కువ.

మూడో అడుగు: బొమ్మలో మిమ్మల్ని ఆపుతున్నది ఏదో పట్టుకోండి

"ఆ బొమ్మలు నాకు పడవు" అనేవాళ్ళను నిదానంగా అడిగితే మూడు వేర్వేరు సంగతులు బయటికొస్తాయి. కళ్ళూ జుట్టూ. ఉన్నట్టుండి మొహం మారిపోయే చేష్టలు. బొమ్మ కదలకుండా నిలిచిపోవడం. మీది ఏదో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు కళ్ళ సంగతి. యుద్ధం తర్వాత జపాన్ బొమ్మల కథలకు దారి వేసిన ఒసాము తెజుకా అమెరికా కార్టూన్లు చూసి పెరిగినవాడు. చిన్న మొహంలో పెద్ద కళ్ళు వేస్తే కొద్ది గీతలతోనే కోపం, భయం, దుఃఖం చూపించవచ్చని ఆయన పట్టుకున్నాడు. తర్వాతివాళ్ళు దాన్ని ఇంకా పెంచారు. నిజానికి పెద్ద కన్ను మనకూ కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద సీతమ్మ కన్ను చూడండి. చెంప దాకా సాగి ఉంటుంది. అలాంటి కన్ను మనుషులకు ఉండదని ఎవరూ అనుకోరు, ఎందుకంటే ఆ బొమ్మను చూసే అలవాటు మనకు పుట్టినప్పటినుంచీ ఉంది. ఇక్కడ లేనిది ఆ అలవాటే.

ఆ అలవాటు చేసుకోవడానికి తెలిసిన కథ మంచిది. కథ ఎటుపోతుందో అన్న ఆరాటం ఉండదు కాబట్టి కళ్ళు బొమ్మ మీదే నిలుస్తాయి. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు మన యానిమేషన్ కళాకారుడు రామ్ మోహన్‌తో కలిసి 1990ల మొదట్లో తీసిన రామాయణం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా మళ్ళీ థియేటర్లలోకి వచ్చింది. అక్కకు అందులో ఓ ఇరవై నిమిషాలు చూపించాను. రాముడి కళ్ళు పెద్దవని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. కాబట్టి ఆమె ఇబ్బంది కళ్ళది కాదని తేలింది.

రెండోది చేష్టలు. నుదుటి మీద నాలుగు గీతల ముడి అంటే కోపం, నరం ఉబ్బిందని. తల పక్కన పెద్ద చెమటబొట్టు అంటే ఇబ్బంది, సిగ్గు. ఉన్నట్టుండి మనిషి బొటనవేలంత బొమ్మగా మారితే ఆ క్షణానికి మాట తేలికదని అర్థం. నాటకంలో హాస్యగాడు వచ్చి రెండు నిమిషాలు నవ్వించి వెళ్ళినట్టే. అర్థం తెలిస్తే చిరాకు తగ్గుతుంది. కానీ మొదటి సినిమాలోనే ఇవన్నీ ఎదురైతే పెద్దవాళ్ళు విసుగుపడతారు. మా అక్కది ఈ ఇబ్బందే. కాబట్టి మొదటిదానికి ఈ చేష్టలు దాదాపు లేనిది వెతకాలి.

మూడోది, కదలని బొమ్మ. దీనికి కారణం డబ్బు. సినిమా తెర మీద సెకనుకు 24 చట్రాలు, అంటే ఫ్రేములు, పోతాయి. అన్నిటికీ విడి బొమ్మ గీస్తే వారం వారం అరగంట ఇవ్వడం అసాధ్యం. 1963 జనవరి 1న తెజుకా సంస్థ 'ఆస్ట్రో బాయ్'ని టీవీలో మొదలుపెట్టినప్పుడు ఒక్కో బొమ్మను మూడు చట్రాల పాటు నిలిపారు. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదిలేది. ఆ పొదుపు ఇప్పటికీ టీవీ యానిమేలో ఉంది. కదలిక బాగా ఉండాలనుకునేవాళ్ళు టీవీ సిరీస్ వదిలి ముందు సినిమా చూడాలి. అక్కడ డబ్బూ ఉంటుంది, వ్యవధీ ఉంటుంది.

పరీక్ష చేసే తీరు ఇదీ. మీరు అనుకున్నదాని నుంచి మూడు నిమిషాలు చూడండి, శబ్దం తీసేసి. మనుషులు ఊరికే కూర్చుని మాట్లాడుకునే చోటు అయితే మరీ మంచిది. పోరాటం జరిగే చోటు వద్దు, అక్కడ అందరూ అందంగానే గీస్తారు. ఆ మూడు నిమిషాల్లో ఎవరికి ఎవరి మీద కోపమో, ఎవరు దాస్తున్నారో మొహాల్ని బట్టి తెలిస్తే ఆ బొమ్మ మీకు పనికొస్తుంది. అందంగా ఉందా లేదా అన్నది తర్వాత సంగతి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఈ పరీక్ష చేయకుండా నేను అక్కకు మొదట పెట్టింది 'పింగ్ పాంగ్'. 2014లో వచ్చిన పదకొండు ఎపిసోడ్ల సిరీస్, మసాకి యువాసా తీసింది. నాకు ప్రాణం. వంకర గీతలు, సాగిపోయే మొహాలు, తెర ముక్కలు ముక్కలుగా చీలడం. అదంతా ఆడేవాడి మనసు లోపలి నుంచి చూపించడానికే. పదినిమిషాలకు ఆమె "నాకు తల తిరగతా ఉండాది" అంది. నిడివి చూసి ఎంచుకున్నాను గానీ ఆమె కాగితం చూసి ఎంచుకోలేదు. మీకు తెలిసినవాళ్ళకు మీరు చూపించబోతుంటే ఈ ఒక్క జాగ్రత్త పాటించండి. మీకు ప్రాణమైనదాన్ని మూడోదో నాలుగోదో చేయండి.

నాలుగో అడుగు: నిడివిని ఎపిసోడ్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టండి

జపాన్ టీవీలో కార్యక్రమాలు మూడు నెలల విడతల్లో నడుస్తాయి. వారానికొకటి చొప్పున ఒక విడతకు పన్నెండో పదమూడో ఎపిసోడ్లు. అందుకే ఎక్కడ చూసినా 12, 13, 24, 26 అన్న అంకెలే కనిపిస్తాయి. ఎపిసోడ్ ఇరవై నాలుగు నిమిషాలు. ముందు పాట, వెనక పాట కలిపి మూడు నిమిషాలు పోతే కథ ఇరవై ఒక్క నిమిషం. అంటే పన్నెండు ఎపిసోడ్ల సిరీస్ అంటే నాలుగు గంటల పైచిలుకు. మన తెలుగు సినిమాలు రెండు చూసినంత కూడా లేదు. అక్క బస్సు లెక్కలో అయితే ఒక దిక్కు ప్రయాణంలో నాలుగు ఎపిసోడ్లు, కాబట్టి రెండు రోజుల్లోపే.

మరి ఆ వెయ్యి ఎపిసోడ్లు ఎందుకు? పత్రికలో కథ ఇంకా నడుస్తుండగానే టీవీలో మొదలుపెట్టేవారు, ఏడాది పొడవునా ఆపకుండా వేసేవారు. టీవీ వేగం ఎక్కువ కాబట్టి అసలు కథను అందుకునేది. అప్పుడు రెండే దారులు. కథను సాగదీయాలి, లేదా అసలులో లేని కథలు మధ్యలో దూర్చాలి. ఆ దూర్చినవాటిని ఫిల్లర్ అంటారు. మొదటి 'నరుటో' 220 ఎపిసోడ్లలో 136 నుంచి 219 దాకా దాదాపు అన్నీ ఇవే. మూడో వంతుకు పైన! ఎవరికైనా "ఎంతకీ కదలదే" అనిపించిందంటే లోపం చూసేవాళ్ళలో లేదు. అభిమానులు ఏ ఎపిసోడు ఫిల్లరో జాబితాలు రాసి పెట్టారు. సిరీస్ పేరు పక్కన ఫిల్లర్ లిస్ట్ అని కొడితే వస్తాయి.

ఇప్పుడు చిన్న సిరీస్‌తో వచ్చే చిక్కు వేరు. పన్నెండు ఎపిసోడ్లయ్యాక కథ సగంలో ఆగిపోతుంది, రెండో విడత వస్తుందో రాదో తెలియదు. అందుకే నిడివితో పాటు "కథ ముగిసిందా?" అని తప్పక చూసుకోండి. మూలం పత్రికలో ఇంకా నడుస్తోందా, సిరీస్ ఎన్ని విడతల్లో వచ్చింది, చివరిది ఎప్పుడొచ్చింది, ఈ మూడూ చూస్తే తెలిసిపోతుంది. ముగిసినవే మొదట ఎంచుకోండి. 'ప్లానెటెస్' 26లో ముగుస్తుంది. 'ఆడ్ టాక్సీ' 13లో ముగుస్తుంది. 'ప్లూటో' ఎనిమిదే, ఒక్కోటి సుమారు గంట.

ఐదో అడుగు: ఏ భాషలో, ఎక్కడ

తెలుగు డబ్బింగ్ ఇప్పుడు వస్తోంది గానీ ఎక్కువగా పోరాటాలున్న కొత్త సిరీస్‌లకే. పెద్దవాళ్ళకు సరిపడే నిదానమైన పాతవాటికి జపనీస్ మాటలూ ఇంగ్లీషు సబ్‌టైటిల్సే దిక్కు, కొన్నిటికి ఇంగ్లీషు డబ్బింగ్ ఉంటుంది. కాబట్టి తెలుగులో ఉందన్న ఒక్క కారణంతో మొదటిది ఎంచుకుంటే మళ్ళీ ఆ అరుపుల దగ్గరికే చేరతారు.

చోటును బట్టి పంచుకోండి. బస్సులో అక్షరాలు చదివితే చంద్రగిరి దాటేలోపే తల నొప్పి. అక్కడ డబ్బింగ్ ఉన్నదీ, మాట తప్పిపోయినా పర్లేదనిపించేదీ చూడాలి. ఇంట్లో టీవీ ముందు సబ్‌టైటిల్స్‌తో అసలు గొంతులు వినాలి. ఇందులో తెలుగువాళ్ళకు ఒక లాభం ఉంది. జపాన్‌వాళ్ళు కూడా మనలాగే అన్నా, అక్కా అని పిలుస్తారు. "ఒనీసాన్" అన్న, "ఒనేసాన్" అక్క. పేరు చివర "సాన్" మన గారు లాంటిది. ఇంగ్లీషు అక్షరాల్లో చాలాసార్లు ఇవేవీ ఉండవు, ఒట్టి పేరే ఉంటుంది. నిన్నటిదాకా "సాన్" అన్నవాడు ఇవాళ ఒట్టి పేరుతో పిలిచాడంటే వాళ్ళ మధ్య ఏదో మారిందని మన చెవికి తెలిసిపోతుంది. రెండు మూడు రోజుల్లో అక్క ఇది తానే పట్టేసింది.

ఆరో అడుగు: మూడింటినీ ఎంచుకోవడం

మొదటిది సినిమా. అక్క కాగితంలో పెళ్ళికాని టీచరమ్మ ఉంది, అరుపులు వద్దని ఉంది, చేష్టల బొమ్మ పడదని తేలింది. నేను ఎంచుకున్నది ఇసావో తకహతా 1991లో ఘిబ్లీ స్టూడియోలో తీసిన 'ఓన్లీ యెస్టర్‌డే'. దాదాపు రెండు గంటలు. టోక్యోలో ఆఫీసు ఉద్యోగం చేసే తాయెకోకు ఇరవై ఏడేళ్ళు, పెళ్ళి కాలేదు. సెలవు పెట్టి యమగాతా పల్లెకు కుసుమ పూలు కోయడానికి వెళ్తుంది. దారి పొడవునా ఐదో తరగతి నాటి తాను గుర్తొస్తూ ఉంటుంది.

బొమ్మ పడనివాళ్ళకు దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, తకహతా పెద్దవాళ్ళ భాగానికి ముందు గొంతులు రికార్డు చేయించి, ఆ నటుల మొహాలు ఎలా కదిలాయో చూసి బొమ్మలు గీయించాడు. మామూలుగా జపాన్‌లో బొమ్మ ముందు, గొంతు తర్వాత. తాయెకో నవ్వితే బుగ్గ ఎముక దగ్గర గీత పడుతుంది. కొందరు యానిమే అభిమానులకు ఆ గీతలే నచ్చవు. అక్క మాత్రం వెంటనే, "చూడ్రా, నవ్వతా ఉంటే చెంప మీద మడత పడతా ఉండాది, నిజం మనిషి మాదిరి" అంది. చిన్ననాటి భాగాలు అంచులు వెలిసిపోయినట్టు లేత రంగుల్లో ఉంటాయి. ఏది ఇప్పటిదో, ఏది జ్ఞాపకమో రంగే చెబుతుంది.

ఆ ఇంటికి మొదటిసారి అనాసపండు వస్తుంది. ఎలా కోయాలో ఎవరికీ తెలియదు. కోశాక ఎవరికీ పెద్దగా నచ్చదు. ఆ చోట అక్క నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. రెండు రాత్రుల్లో సినిమా అయిపోయింది. ఒక జాగ్రత్త: చివర పేర్లు పడటం మొదలవగానే ఆపేయకండి. అసలు ముగింపు ఆ పేర్ల వెనకే జరుగుతుంది.

మొదటిదిగా చాలామంది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చెబుతారు. అదీ తకహతాదే, గొప్పది. కానీ ఇద్దరు పసివాళ్ళు యుద్ధంలో ఆకలితో కరిగిపోవడం చూశాక మరొకటి చూసే ధైర్యం ఉండదు. తర్వాతకు ఉంచుకోండి. 'పర్ఫెక్ట్ బ్లూ' కూడా అంతే. బొమ్మ నిజానికి దగ్గరగా ఉంటుందని పెద్దవాళ్ళకు చెబుతారు గానీ అందులో ఆడమనిషి మీద దాడి దృశ్యం చూడటం కష్టం. ముందే చెప్పకుండా ఎవరికీ పెట్టకూడదు.

రెండోది చిన్న సిరీస్, బస్సు కోసం. ఇక్కడ 'బరాకమోన్' ఎంచుకున్నాం. 2014, పన్నెండు ఎపిసోడ్లు, ఇంగ్లీషు డబ్బింగ్ ఉంది. చేతిరాత కళాకారుడైన ఇరవై మూడేళ్ళ కుర్రాడు తన రాతలో సొంతదనం లేదన్న పెద్దాయన్ను కొడతాడు. తండ్రి వాణ్ణి దూరంగా ఉన్న ఒక దీవికి పంపేస్తాడు. అక్కడ ఇంట్లోకి అడగకుండా దూరే పల్లె పిల్లలు, పక్కింటి ముసలివాళ్ళు. ఇందులో చేష్టల బొమ్మలు బాగానే ఉన్నాయి. తెలిసే పెట్టాను. కథ తేలిక, మనుషులు మన పల్లెల్లో తిరిగేవాళ్ళలా ఉంటారు కాబట్టి ఆ చెమటబొట్లు, ఉబ్బిన నరాలు నొప్పి లేకుండా అలవాటవుతాయి. మొదటి రోజు చిరాకుపడింది. మూడో ఎపిసోడుకు ఆ గుర్తులు కనిపించడం మానేశాయంది.

మూడు ఎపిసోడ్లు చూసి వదిలేయాలా ఉంచాలా తేల్చుకోవడం మంచి పద్ధతి. మొదటిదానిలో మనుషుల పరిచయం, రెండోదానిలో వాళ్ళ రోజువారీ, మూడోదానికి కథ అసలు రంగు తెలుస్తుంది. వదిలేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: కొత్తగా ఉండి ఇబ్బందా, మనుషుల మీదే ఆసక్తి లేదా? కొత్తదనం వల్ల వచ్చే ఇబ్బంది ఎపిసోడు ఎపిసోడుకూ తగ్గుతుంది. మనుషులు పట్టకపోతే అది తగ్గదు. అప్పుడు మొహమాటం లేకుండా వదిలేయండి.

మూడోది కొంచెం పెద్ద సిరీస్, రాత్రి టీవీలో. భారతం చూసి పెరిగిన ఆమెకు 'షోవా గెన్‌రోకు రకుగో షింజూ' తప్ప నాకు మరొకటి తోచలేదు. జోసెయ్ పత్రికలో వచ్చిన కథ. 2016లో పదమూడు, 2017లో పన్నెండు ఎపిసోడ్లు, కథ పూర్తిగా ముగుస్తుంది. రకుగో అంటే ఒక్క మనిషి మెత్త మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో ఒక విసనకర్ర, ఒక గుడ్డముక్కతో అన్ని పాత్రలూ తానే మాట్లాడుతూ కథ చెప్పడం. హరిదాసు నిలబడి చిడతలు వాయిస్తాడు, ఇతను కూర్చుని కదలడు, తేడా అంతే. జైలు నుంచి విడుదలైన కుర్రాడు ఒక పేరుమోసిన కథకుడి దగ్గరికొచ్చి శిష్యుడిగా చేర్చుకోమంటాడు. అక్కడినుంచి కథ ఆ గురువు పడుచుతనంలోకి, అతని స్నేహితుడి దగ్గరికి వెళ్తుంది.

దీని మొదటి ఎపిసోడు ముప్పావు గంటకు పైనే. తెలియకపోతే ఎక్కడా ఆగడం లేదని భయపడతారు, మిగతావన్నీ మామూలు నిడివే. మాటలు చాలా ఎక్కువ కాబట్టి బస్సులో వద్దు. కథకుడు తల కుడికి తిప్పితే ఒక పాత్ర, ఎడమకు తిప్పితే ఇంకొకటి, అది గమనిస్తే అక్షరాలు ఆలస్యమైనా ఎవరి మాటో తెలుస్తుంది. ఇది అక్కకు నేను చెప్పలేదు. "మన హరిదాసు కూడా ఇట్టనే కదా తిరుగుతాడు" అని ఆమే నాకు చెప్పింది.

హత్య కేసు సినిమా నచ్చినవాళ్ళకు మూడోదిగా 'మాన్‌స్టర్' పెట్టవచ్చు. 1986లో జర్మనీలో ఒక జపాన్ డాక్టరు. నగర మేయర్ని వదిలి ముందొచ్చిన పసివాడికి ఆపరేషన్ చేస్తాడు. ఏళ్ళు గడిచాక తను బతికించింది ఎవరినో తెలుస్తుంది. మొహాలు నిజానికి దగ్గరగా ఉంటాయి, పై అధికారుల ఒత్తిడి తెలిసిన ఎవరికైనా మొదటి ఎపిసోడే పట్టేస్తుంది. కానీ 74 ఎపిసోడ్లు, హత్యలున్నాయి. మొదటి నాలుగింటిని ఒక సినిమా అనుకుని చూసి ఆగండి. అక్కడ మీకు ఇంకా కావాలనిపిస్తేనే ముందుకు. అక్కకు నెత్తురు పడదు కాబట్టి దీన్ని పక్కన పెట్టాం.

చివరి అడుగు: ఇక ఆ వెయ్యి ఎపిసోడ్లది

మూడూ అయ్యాక అక్క మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చింది. కొడుకు చూసేది తానూ చూడాలి. "మొత్తం చూడక్కర్లేదు. భారతానికి నువ్వు పద్దెనిమిది రోజులూ పోయినావా?" అన్నాను. పోలేదు. అర్జున తపస్సు రోజు పోయింది, దుర్యోధన వధ రోజు పోయింది. మధ్యలోవి పగటి హరికథలో విన్నది.

'వన్ పీస్'లో 31 నుంచి 44 దాకా పద్నాలుగు ఎపిసోడ్లు ఒక కట్ట. నామి అనే అమ్మాయి ఊరిని అర్లాంగ్ అనే సముద్రపు దొంగ ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడో, ఆ పిల్ల ఊరి కోసం ఎన్నేళ్ళు అందరి చేత తిట్లు తిన్నదో అందులో తెలుస్తుంది. తల్లి ఉన్న కథ అది. మొత్తం ఐదు గంటల్లోపే. కానీ భారతంలా ఎక్కడైనా దూరిపోవడానికి ముందు కథ మనకు తెలియదు కదా. అందుకని పని మా మేనల్లుడికి అప్పజెప్పాం. ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు కాగితం మీద ఓడ గీసి, ఎవరెవరు ఎలా కలిశారో అరగంటలో వాళ్ళమ్మకు చెప్పాలి. రాత్రికి ఇద్దరూ కలిసి 31వ ఎపిసోడు పెట్టాలి.

వాడు అరగంట అనుకున్నది గంటన్నర చెప్పాడట. ఇప్పుడు 37 దగ్గరున్నారు.